దద్దుర్లు జనవరిలో, జుట్టు ఏప్రిల్‌లో

జనవరిలో నాన్నకి బైపాస్ ఆపరేషన్ అయింది. పగలంతా ఆసుపత్రి, రాత్రి డబ్బు లెక్కలు. పదిహేను రోజులు గడిచేసరికి నాకు దురద మొదలైంది. లంగా బొందు బిగిసిన చోట ఎర్రగా దద్దుర్లు లేచేవి. గోకితే గోకిన గీత వెంబడే చర్మం ఉబ్బేది. అత్తయ్య "పైత్యం చేసిందమ్మా" అని వంకాయ, గోంగూర మాన్పించారు. నెల మానేసినా తేడా లేదు.

మార్చి మొదట్లో చర్మం డాక్టరు దగ్గరికెళ్లాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఒక్కో దద్దురు ఎంతసేపు ఉంటోందమ్మా?" చెప్పలేకపోయాను. పెన్నుతో ఒకదాని చుట్టూ గీత గీసి, టైమ్ రాసుకోమన్నారు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి ముంజేతి మీద గీశాను. పన్నెండుకల్లా గీత లోపలి ఎరుపు పాలిపోయింది, మోచేతి దగ్గర ఇంకొకటి లేచింది. తెల్లారేసరికి నీలం సిరా గీత ఒక్కటే మిగిలింది.

అది విని ఆవిడ స్థిమితపడ్డారు. మామూలు దద్దురు 24 గంటల్లో మచ్చ లేకుండా పోతుందట. అంతకుమించి ఉండి, మంట పుట్టి, కమిలిన మచ్చ మిగిల్చితే రక్తనాళాల వాపేమోనని చర్మం ముక్క తీసి పరీక్షించాలి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

టెన్షన్‌కీ చర్మానికీ లంకె ఏమిటని అడిగాను. చర్మంలో మాస్ట్ కణాలనేవి హిస్టమిన్ నింపుకుని, నరాల కొసల పక్కనే ఉంటాయట. ఆందోళనలో ఆ నరాలు వదిలే రసాయనాలు వాటిని కదిలిస్తాయి. హిస్టమిన్ బయటపడితే దురద పుడుతుంది, సన్నని రక్తనాళాల్లోంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది. "టెన్షనే కారణమని తేల్చలేం, ఉన్నదాన్ని ఎగదోస్తుంది" అన్నారు. 6 వారాలు దాటింది కాబట్టి థైరాయిడ్, రక్త పరీక్షలు రాశారు. తలనొప్పికి నేను వేసుకుంటున్న ఐబుప్రొఫెన్ కూడా దద్దుర్లను పెంచగలదని ఆపించారు. నా అసలు పొరపాటు మాత్ర విషయంలో. దురద పుట్టినప్పుడే లెవోసెట్రిజిన్ వేసుకునేదాన్ని. దద్దుర్లు లేచినా లేవకపోయినా రోజూ ఒకటి వేసుకోమన్నారు. మూడు వారాలకి రాత్రుళ్లు నిద్రపట్టింది.

ఏప్రిల్‌లో నాన్న వీధి చివరిదాకా నడుస్తున్నారు. నాకు దిగులు తగ్గింది. సరిగ్గా అప్పుడే దువ్వెన నిండా జుట్టు! మందు వల్లేనని ఆపేయబోయాను. ఆవిడ నా తలలోంచి ఒక పాయ పట్టి మెల్లగా లాగి, ఊడొచ్చిన వెంట్రుకల కొసన తెల్లటి చిన్న బుడిపె చూపించారు. మనసుకో ఒంటికో గట్టి దెబ్బ తగిలినప్పుడు చాలా కుదుళ్లు ఒక్కసారే పెరగడం మానేస్తాయి. ఆ వెంట్రుకలు రెండు మూడు నెలలు అలాగే ఉండి, తర్వాత రాలతాయి. "ఇప్పుడు రాలేది జనవరి జుట్టమ్మా" అన్నారు. రక్తంలో ఐరన్ నిల్వ తక్కువుందని తేలితే దానికీ మాత్రలిచ్చారు. నూనెలేవీ మార్చలేదు.

జూలై దాకా రాలింది. ఇప్పుడు పాపిటకి రెండు పక్కలా అంగుళం పొడవు వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నూనె రాసి దువ్వినా అణగడం లేదు.