గోంగూర కాగితం మళ్లీ రాశాను

మా అక్క కొడుకు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన చలికాలం ఒకరోజు ఫోన్ చేసి, "పిన్నీ, పచ్చడి మీద తెల్లగా ఏదో పట్టింది, అది తీసేసి తినొచ్చా?" అన్నాడు. వద్దు, మొత్తం పారెయ్యమన్నాను. పెట్టి ఇంకా పది రోజులు కాలేదు. అమ్మ చేతి గోంగూర నిల్వ పచ్చడి మా ఇంట్లో నాలుగైదు నెలలు ఉంటుంది. వాడు చేసింది ఆ పచ్చడే, ఎప్పుడో నేను రాసిచ్చిన కాగితం చూసి.

ఆ కాగితంలో ఉన్నది ఇంతే:

"గోంగూర 5 కట్టలు కడిగి ఆరబెట్టి నూనెలో వేయించాలి. చింతపండు, ఉప్పు వేసి రుబ్బాలి. ఎండుమిర్చి, మెంతులు, ఆవాలు వేయించి పొడి కొట్టి కలపాలి. వెల్లుల్లితో తాలింపు వేసి చల్లారాక సీసాకెత్తాలి. నూనె పావుకిలో."

ఏం చేశావో మొదటి నుంచి చెప్పమన్నాను. ఆకు కడిగి, దులిపి, అరగంట ఆరబెట్టాడు. నూనె అంతా మొదట్లోనే మూకుట్లో పోసేశాడు, తాలింపుకి మళ్లీ వేరే తీసుకున్నాడు. చింతపండు పప్పుకి నానబెట్టినట్టు గ్లాసుడు నీళ్లలో నానబెట్టి, పులుసు తీసి పోశాడు. మిక్సీలో ఆకు రుబ్బాక, జార్ కడిగి అందులోనే మిర్చి పొడి కొట్టాడు. వింటున్నకొద్దీ నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. వాడు కాగితాన్ని ఎక్కడా దాటలేదు. పచ్చడి పెట్టడం వచ్చిన మనిషికి గుర్తు చెయ్యడానికి రాసిన కాగితం అది, రానివాడి చేతిలో పెట్టాను.

సంక్రాంతి అయ్యాక అమ్మ గుంటూరు నుంచి విజయవాడ వచ్చింది. రైతుబజారులో ఎర్ర కాడల గోంగూర తెచ్చి, వంటింటి తూకం పక్కన పెట్టి, నోట్‌బుక్కు పట్టుకుని నిలబడ్డాను. మొదటి చిక్కు అమ్మ చెయ్యే. "ఉప్పెంత?" అంటే గుప్పిట చూపించి, నేను చూసేలోపే వేసేస్తుంది. ఆపితే కోపం, అంచనా తప్పుతుందని. చివరికి డబ్బాని తూచడం మొదలుపెట్టాను. అమ్మ తీసుకోకముందు ఉప్పు డబ్బా 812 గ్రాములు, రుచి చూసి రెండోసారి వేశాక 757. అంటే 55 గ్రాములు. చింతపండు, మిర్చి కూడా అలాగే పట్టుకున్నాను. ఉప్పు గ్రాముల్లో రాస్తే ఇంకో తగువు కూడా తీరింది. చెంచాతో కొలిస్తే కళ్లుప్పు ఒక బరువు, మెత్తటి ఉప్పు ఒక బరువు తూగుతాయి.

కట్టల సంగతి ఇంకా అన్యాయం. నేను తెచ్చిన 5 కట్టలు 1,150 గ్రాములు ఉంటే, కాడలు తీసి గిల్లిన ఆకు 500 దగ్గర ఆగింది. ఊరు మారితే కట్ట మారుతుంది. అందుకే కొత్త కాగితంలో "గోంగూర ఆకు, కాడలు తీశాక 500 గ్రాములు" అని రాశాను. "తీశాక" అన్న ఆ ఒక్క మాట లేకపోతే కాడలతోనే తూచేవాడు ఉంటాడు, వాడి పచ్చడి ఉప్పుకషాయం అవుతుంది.

నూనె 250 మిల్లీలీటర్లు అని ఒకచోట రాసి ఊరుకోకుండా విడగొట్టాను: ఆకు వేయించడానికి 100, తాలింపుకి 150. సామాన్లన్నీ వాడే వరసలోనే పెట్టాను, రెండుసార్లు వాడేవి రెండుసార్లు రాశాను. మెంతుల దగ్గర కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. "మెంతిపొడి ఒక టీస్పూను", "మెంతులు ఒక టీస్పూను, వేయించి పొడి కొట్టాలి" ఒకటి కాదు. అమ్మ కొలిచింది గింజలు. అలాగే రాశాను.

అసలు పని వరస మార్చడంలో ఉంది. పాత కాగితంలో పొడి తర్వాత, ఆకు ముందు. అమ్మకి అది సరిపోతుంది, ఆమెది రోలు. మిక్సీలో ముందు ఆకు రుబ్బితే పొడికి జార్ కడగాల్సిందే, అడుగున తడి మిగలాల్సిందే. అందుకని పొడి ముందుకు తెచ్చాను: పొడి జార్‌లో మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి కొట్టి తీసి, కడక్కుండా అదే జార్‌లో చల్లారిన ఆకు రుబ్బాలి. ఆరబెట్టడాన్నైతే ఇంకా పైకి, సామాన్ల కంటే ముందుకు పెట్టాను: "ముందు రోజు సాయంత్రం మొదలుపెట్టాలి. కడిగిన ఆకుని పొడి బట్ట మీద పలచగా పరిచి రాత్రంతా ఫ్యాను కింద ఉంచాలి. పొద్దున పట్టుకుంటే వేలికి తడి తగలకూడదు, ఆకు వాడి ఉండాలి." వంట మధ్యలో ఈ ముక్క చదివిన మనిషి ఇంక చేసేదేముంటుంది?

నిమిషాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అమ్మ వెడల్పు మూకుట్లో ఆకు 18 నిమిషాల్లో వేగింది. వాడి దగ్గరున్నది లోతు గిన్నె, దానికి అరగంట పట్టొచ్చు. కాబట్టి గుర్తు ముందు, టైము తర్వాత రాశాను: "ఆకుపచ్చ పోయి ఖాకీ రంగు వచ్చి, చిటపట ఆగి, ముద్దగా మూకుడు వదిలి అంచుల్లో నూనె కనపడేవరకు, సుమారు 20 నిమిషాలు." మెంతులకి మాత్రం హెచ్చరిక తప్పదు. సన్న సెగ మీద ఎర్రబడి వాసన రాగానే దించాలి, నల్లబడితే పచ్చడంతా చేదే.

చింతపండు దగ్గర అమ్మ చేసేది నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నా పట్టించుకోలేదు. పిక్కలు, పీచు తీసిన 60 గ్రాముల చింతపండుని వేడి గోంగూర ముద్ద మధ్యలో దూర్చి వదిలేసింది. ఆ వేడికే మెత్తబడింది, నీటి చుక్క అక్కర్లేదు. మూత పెట్టబోతే చేతిమీద ఒకటేసింది. "ఆవిరి నీళ్లయి మళ్లీ దాంట్లోనే పడుతుందే." అదీ కాగితంలోకి ఎక్కింది.

రాశాక వాడికి పంపి, వీడియో కాల్ పెట్టి చేయమన్నాను. నేను నోరు మెదపనని ఒప్పందం. అడ్డం పడాలని రెండుసార్లు నాలుక దురద పెట్టింది కానీ ఆగాను. వాడు ఒక్కచోటే ఆగిపోయాడు. "తాలింపు చల్లారాక కలపాలి" అని రాశాను. "చల్లారాల్సింది తాలింపా, పచ్చడా?" అన్నాడు. రెండూ. వేడిగా కలిపి మూత బిగిస్తే మూత లోపల చెమ్మ పడుతుంది. ఆ వాక్యాన్ని మూడు చేశాను: "పచ్చడి పూర్తిగా చల్లారాలి. తాలింపు విడిగా చల్లారాలి. అప్పుడు కలిపి, పొడి సీసాలో పెట్టి, పైన నూనె తేలుతోందో లేదో చూసుకోవాలి."

రెండు నెలలైనా ఆ పచ్చడి మీద ఏమీ పట్టలేదు. మొన్న కాగితాన్ని అమ్మకి చదివి వినిపించాను. చివరిదాకా విని, "పసుపేదే?" అంది.

ఆకు మూకుట్లో పడగానే అరచెంచా వేస్తుందట. నేనప్పుడు తలవంచుకుని రాసుకుంటున్నాను.