సర్ఫేస్ ఫినిష్: నేను టేబుల్ పక్కన పెట్టి ఎలా ప్రిపేర్ అయ్యానంటే

మాన్యుఫాక్చరింగ్‌లో సర్ఫేస్ రఫ్‌నెస్ రాగానే చాలామంది ముందు చేసే పని ఆ పెద్ద టేబుల్‌ని బట్టీ పట్టడం. గ్రైండింగ్ సుమారు 0.1 నుంచి 1.6 మైక్రాన్లు, హోనింగ్ 0.1 నుంచి 0.8, ల్యాపింగ్ 0.05 నుంచి 0.4, ఇలా. సరే, ఇప్పుడు డ్రాయింగ్‌లో ఆర్ఏ, అంటే సగటు రఫ్‌నెస్, 0.4 అని ఉంది, ఏ ప్రాసెస్ వాడాలి? మూడూ వస్తాయి! ఆప్షన్లలో ఆ మూడూ ఇచ్చారంటే టేబుల్ మొత్తం నోటికొచ్చినా ఏం లాభం లేదు. అందుకే నేను నంబర్ల కంటే ఒక్క పార్ట్‌ని పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను, అది ఇంజిన్ సిలిండర్ బోర్.

గ్రేడ్ నంబర్లకి మాత్రం ఒక్కటి గుర్తుంటే చాలు, ఎన్6 అంటే 0.8 మైక్రాన్లు. పైకి వెళ్తే దాదాపు రెట్టింపు, కిందికి వస్తే సగం, కాబట్టి ఎన్7 అంటే 1.6, ఎన్5 అంటే 0.4.

ఇక బోర్ సంగతి. ముందు బోరింగ్ టూల్‌తో ఎంత ఫినిష్ వస్తుందో లెక్క వేయండి. ముక్కు గుండ్రంగా ఉన్న టూల్‌కి సూత్రం ఇది, f ఫీడ్, r టూల్ నోస్ రేడియస్:

Ra ≈ f²/(32r)

ఫీడ్ రివల్యూషన్‌కి 0.2 మిల్లీమీటర్లు, నోస్ రేడియస్ 0.8 మిల్లీమీటర్లు అనుకుంటే 0.04ని 25.6తో భాగించాలి, 1.6 మైక్రాన్లు వస్తుంది. ఫీడ్ సగం చేస్తే ఆర్ఏ నాలుగో వంతు అవుతుంది, అంటే 0.4! మరి హోనింగ్ ఎందుకు అని ఇక్కడ డౌట్ రావాలి, రాకపోతే చాప్టర్ పైపైన చదువుతున్నట్టే. ఈ సూత్రం ఇచ్చేది ఆదర్శ విలువ. అసలు మెషిన్ మీద బిల్టప్ ఎడ్జ్, చాటర్, టూల్ అరుగుదల అన్నీ కలిసి దాన్ని పెంచేస్తాయి. పైగా బోరింగ్ గీతలన్నీ చుట్టూ ఒకే దిశలో ఉంటాయి, పిస్టన్ రింగ్‌కి కావాల్సింది అది కాదు.

హోనింగ్ టూల్ తిరుగుతూనే పైకీ కిందికీ కదులుతుంది కదా, అందుకే గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ క్రాస్ హ్యాచ్ ఏర్పడుతుంది. ఆ సన్నని గాడుల్లో ఆయిల్ నిలుస్తుంది. కోణం అడిగితే సగం కోణం టాంజెంట్ అంటే పైకీ కిందికీ కదిలే వేగాన్ని చుట్టుకొలత వేగంతో భాగించినదే: నిమిషానికి 20 మీటర్లు, 40 మీటర్లు ఇస్తే టాంజెంట్ 0.5, సగం కోణం 26.6 డిగ్రీలు, మొత్తం 53 డిగ్రీలు. చాలామంది సగం కోణం దగ్గరే ఆగిపోతారు, ఆప్షన్లలో 26.6 కూడా ఉంటుంది, చూసుకోండి.

గ్రైండింగ్‌తోనూ 0.4 వస్తుంది, అబద్ధం కాదు. కానీ పొడవైన రంధ్రం లోపల సన్నని స్పిండిల్ చివర తిరిగే వీల్ వంగుతుంది, వేగం ఎక్కువ కాబట్టి వేడీ ఎక్కువే. హోన్‌లో స్టోన్లు నెమ్మదిగా, పెద్ద విస్తీర్ణంలో ఆనుకుంటాయి. అదే బయటి షాఫ్ట్ జర్నల్, హార్డెన్ చేసిన స్టీల్, 0.4 అంటే నేను ఆలోచించకుండా గ్రైండింగ్ పెడతాను.

హోనింగ్‌కి ఎంత మెటీరియల్ వదలాలి అనేది నాకు బాగా నచ్చిన భాగం. ఆదర్శ లెక్కలో శిఖరం నుంచి లోయ దాకా ఎత్తు f²/(8r), అంటే ఆర్ఏకి నాలుగు రెట్లు. బోరింగ్ ఆర్ఏ 3.2 వదిలితే ఎత్తు 12.8 మైక్రాన్లు, డయామీటర్ మీద రెండు వైపులా కలిపి దాదాపు 0.026 మిల్లీమీటర్లు. ఇంతకన్నా తక్కువ వదిలారంటే హోనింగ్ అయ్యాక కూడా బోరింగ్ గీతలు కిందన కనిపిస్తాయి. ఓవాలిటీ, టేపర్ పోవాలంటే ఇంకాస్త కలపాలి.

చివరగా డిఫెక్ట్ ప్రశ్నలు. స్టోన్లు రంధ్రం అంచులు దాటి మరీ ఎక్కువ బయటికి వస్తే అంచులు అరిగి బెల్‌మౌత్ అవుతుంది, అసలు సరిపడా రాకపోతే మధ్యలో ఎక్కువ అరిగి బ్యారెల్ ఆకారం వస్తుంది. ఓవాలిటీ, టేపర్ హోనింగ్ సరిచేస్తుంది గానీ రంధ్రం సెంటర్ పక్కకి జరిగి ఉంటే చేయలేదు, ఎందుకంటే ఫ్లోటింగ్ హోన్ ఉన్న రంధ్రాన్నే పట్టుకుని పోతుంది. ఆ పొజిషన్ బోరింగ్ దగ్గరే సెట్ అవ్వాలి.