g విలువ వచ్చాక ± పక్కన ఏం రాయాలి, దాన్ని మాటల్లో ఎలా చెప్పాలి

ఫిజిక్స్ ప్రాక్టికల్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఎర్రర్ లెక్కల సూత్రాలన్నీ బట్టీ పట్టే బదులు నేను లఘులోలకం ఒక్కటే తీసుకుని చివరిదాకా చేశాను. ఆ ఒక్కదాంట్లోనే చాలా ఉంది.

పొడవు 100.0 సెం.మీ., దాంట్లో అనిశ్చితి 0.1 సెం.మీ. 20 డోలనాలకు 40.2 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో చేతి ఆలస్యం వల్ల 0.2 సెకన్లు అటూ ఇటూ. g = 4π²L/T² లో వేస్తే కాలిక్యులేటర్ 9.7716 చూపిస్తుంది. అలాగే దించేయాలనిపిస్తుంది, కానీ కాస్త ఆగాలి.

పొడవులో అనిశ్చితి 0.1 శాతం. కాలంలో 0.2ని 40.2తో భాగిస్తే దాదాపు 0.5 శాతం. సూత్రంలో T వర్గం ఉంది కాబట్టి అది రెట్టింపై 1 శాతం అవుతుంది. ఇక్కడ చాలామందికి ఒక డౌట్ వస్తుంది: T² అంటే T×T కదా, రెండు శాతాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 0.7 రావాలి కదా అని. రాదు. ఆ పద్ధతి ఒకదానితో ఒకటి సంబంధం లేని కొలతలకే. ఇక్కడ రెండు T లూ ఒకే రీడింగ్. అది ఎక్కువైతే రెండూ కలిసే ఎక్కువవుతాయి, ఒకదాని తప్పును ఇంకొకటి సరిచేయదు.

L, T మాత్రం వేర్వేరు కొలతలు. వాటిని వర్గాలతో కలిపితే 1.0 శాతం, నేరుగా కూడితే 1.1. ఏ పద్ధతైనా g లో అనిశ్చితి సుమారు 0.1. అప్పుడు 9.7716లో చివరి మూడు అంకెలకు అర్థమే లేదు. g = 9.8 ± 0.1 మీ/సె² అని రాయాలి.

వైవాలో మార్కులు పోయేది ఈ లెక్క దగ్గర కాదు, దాన్ని చెప్పే వాక్యం దగ్గర. 'కొంచెం ఎర్రర్ ఉంది కానీ విలువ దాదాపు కరెక్టే' అంటే ఏమీ చెప్పనట్టే. నేను ఇలా రాసుకున్నాను: 'మా కొలత ప్రకారం g 9.7కీ 9.9కీ మధ్య ఉండవచ్చు. అంగీకృత విలువ 9.81 ఈ పరిధిలోనే ఉంది కాబట్టి రెంటికీ విభేదం కనిపించలేదు. అనిశ్చితిలో సింహభాగం కాలం కొలవడం వల్ల వచ్చింది.' ఫలితం సరైనదని నిరూపించాం అనకండి. 9.75 అయినా ఇదే పరిధిలో పడుతుంది.

మూడో వాక్యం రాస్తే 'మెరుగు ఎలా?' అన్న తర్వాతి ప్రశ్నకు జవాబు చేతిలోనే ఉంటుంది. ఇంకా మంచి స్కేలు తెస్తే ఉపయోగం లేదు. 50 డోలనాలు లెక్కిస్తే అదే 0.2 సెకన్లు దాదాపు 100 సెకన్లలో పంచుకుంటాయి, T నుంచి వచ్చే వాటా 0.4 శాతానికి దిగుతుంది.

అయితే గుండును 20 డిగ్రీల దాకా లాగి వదిలితే ఆవర్తన కాలమే 0.8 శాతం దాకా పెరిగి, g దాదాపు 1.5 శాతం తక్కువ వస్తుంది. ఎన్ని డోలనాలు లెక్కించినా అది తగ్గదు, మన ± లోనూ కనిపించదు. అందుకే కోణం ఎంత ఉంచారో రికార్డులో విడిగా రాయండి.