నా అనుభవం: వాపసు పంపే పని లేకుండా ఆన్‌లైన్‌లో నాయినకు అంగీ, బూట్లు సరైన సైజులో కొన్న తీరు

దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి వాపసు పంపడమంటే చిన్న పని కాదు. కొన్ని వస్తువులకు మా పిన్‌కోడ్‌లో సైజు మార్పిడి మాత్రమే ఇస్తారు, డబ్బు తిరిగి రాదు. కావాల్సిన సైజు అప్పటికే అయిపోతే ఆ మార్పిడీ ఉండదు. అందుకే చెల్లె పెండ్లికి నాయినకు అంగీ, బూట్లు కొనేటప్పుడు ముందు కొలతలు తీసుకుని, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టాను. ఏ అంకె ఎక్కడ తీసుకున్నానో, చార్టులో దేనితో పోల్చానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట అంగీ. టేపు పట్టుకుని ముందు ఒంటిని కాదు, పాత అంగీని కొలిచాను. నాయినకు బాగా కుదిరిన అంగీ ఒకటుంది, నల్లగొండలో దర్జీ దగ్గర కుట్టించింది. దాన్ని గుండీలు పెట్టి, ముడతలు లేకుండా మంచం మీద పరిచి, ఒక చంక కింది కుట్టు నుంచి రెండో చంక కింది కుట్టు దాకా టేపు పెడితే 22.5 అంగుళాలు వచ్చింది. రెట్టింపు చేస్తే 45. అది అంగీ చుట్టుకొలత. ఆ తర్వాత ఒంటికి టేపు చుడితే ఛాతీ 40 ఉంది. తేడా 5 అంగుళాలు. చేతులు ఎత్తడానికి, ఊపిరి పీల్చడానికి, కూర్చోవడానికి అంగీలో వదిలే జాగా అది. ఒంటి కొలత 40, బట్ట కొలత 45. ఈ రెండు అంకెల్లో చార్టు దేన్ని చూపిస్తుందో తేల్చుకోకుండా సైజు ఎంచుకుంటే తప్పు పోవడం ఖాయం.

చార్టులో ఛాతీ గడి పైన "To Fit Chest" అని ఉంటే అది ఒంటి కొలత. అప్పుడు 40 వెతకాలి. "Garment Measurements" అని ఉంటే బట్ట కొలత. అప్పుడు 45 వెతకాలి. ఏమీ రాయకుండా ఉత్తగా "Chest" అని మాత్రమే ఉంటే సైజు పేరునీ అంకెనూ పక్కపక్కన పెట్టి చూడాలి. 40 సైజు పక్కన ఛాతీ 40 అనే ఉంటే అది ఒంటిది. 40 సైజు పక్కన 43, 44 ఉంటే బట్టది. మగవాళ్ల అంగీకి 21, 22, 23 లాంటి అంకెలు కనిపిస్తే అది పరిచి కొలిచిన సగం, రెట్టింపు చేసుకోవాలి. బట్ట కొలత చార్టును ఒంటి కొలత అనుకుని, "మనది 40 కదా" అని 40 అంకె ఉన్న వరుస పట్టుకుంటే వచ్చేది రెండు సైజులు చిన్న అంగీ. గుండీలు పెట్టుకోగానే ఛాతీ మీద అడ్డంగా గీతలు పడతాయి. కామెంట్లలో "సైజు చాలా చిన్నగా వచ్చింది" అని కోపంగా రాసేవాళ్లలో కొందరిది ఇదే పొరపాటు.

నేను చూసిన స్లిమ్ ఫిట్ అంగీకి బట్ట కొలతల చార్టు ఉంది. 40 సైజుకు ఛాతీ 43, 42కు 45, 44కు 47. భుజం 42లో 18.5, పాత అంగీతో సరిగ్గా సమానం. పొడవు 29.5, అదీ సమానమే. చార్టు ప్రకారం 42 అచ్చంగా సరిపోవాలి. కానీ చార్టులో పొట్ట కొలత లేదు. నాయిన పొట్ట 42, ఛాతీ కంటే 2 అంగుళాలు ఎక్కువ. పాత అంగీని పొట్ట దగ్గర పరిచి కొలిస్తే అక్కడా 22.5 వచ్చింది, అంటే దర్జీ నిటారుగా కుట్టాడు, పొట్టకు ఇంకా 3 అంగుళాల జాగా మిగులుతుంది. స్లిమ్ ఫిట్ అట్లా ఉండదు, ఛాతీ నుంచి కిందికి వచ్చే కొద్దీ పక్క కుట్టు లోపలికి పోతుంది. ఎంత లోపలికి పోతుందో చార్టు చెప్పదు.

ఇక్కడ పనికొచ్చింది కామెంట్లే. "సూపర్", "పర్ఫెక్ట్ ఫిట్" అన్నవి వదిలేశాను. రాసినవాళ్ల ఎత్తు, బరువు తెలియకుండా ఆ మాటకు విలువ లేదు. రెండు, మూడు చుక్కలు ఇచ్చినవాళ్లవే చదివాను, ఎందుకంటే అంగీ నచ్చి కూడా ఎక్కడో ఇబ్బంది పడ్డవాళ్లు ఆ ఇబ్బంది ఏ చోటో చెబుతారు. ఒకాయన తన ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 78 కిలోలు అని రాసి, ఛాతీ సరిపోయింది గానీ కూర్చుంటే కింది గుండీలు లాగుతున్నాయి అన్నాడు. ఇంకో ఇద్దరు అదే చోటు చెప్పారు. ముగ్గురు ఒకే చోటు చూపించారంటే అది కొన్నవాళ్ల పొరపాటు కాదు, కుట్టిన తీరే అంత.

"జర పెద్దది తీసుకుంటే అయిపాయె గదరా" అన్నాడు నాయిన. 44 తీసుకుంటే పొట్టకు సరిపోతుంది, నిజమే. కానీ 44లో భుజం 19.25. భుజం కుట్టు రెండు పక్కలా చేతి మీదికి జారుతుంది, చెయ్యి పొడవు కూడా అరచేతి మీదికి వస్తుంది. పొట్టను సైజు పెంచి సరిచేయాలని చూస్తే భుజం చెడుతుంది. మార్చాల్సింది సైజు కాదు, కోత. అదే కంపెనీ రెగ్యులర్ ఫిట్‌లో 42 చూస్తే ఛాతీ 46, భుజం 18.5, పొడవు 30 ఉంది. దాన్నే తీసుకున్నాను. పొడవు అర అంగుళం ఎక్కువ ఉండటం కూడా మేలే, ఎందుకంటే నూలు బట్ట మొదటి ఉతుకులో కొంత కుదించుకుంటుంది. నూటికి 3, 4 వంతులు తగ్గినా 30 అంగుళాల్లో దాదాపు ఒక అంగుళం పోతుంది. ఉతికిన తర్వాత రాసిన కామెంట్లు తక్కువే ఉంటాయి గానీ, దొరికితే ముందు అవి చదవాలి.

ఆడవాళ్ల కుర్తీలకు కూడా ఇదే లెక్క. ఒక చోటు మాత్రం అదనంగా చూడాలి: చెయ్యి పైభాగం చుట్టుకొలత. చార్టుల్లో చాలావరకు అది ఉండదు, కామెంట్లలో "చేతుల దగ్గర టైట్" అని ఉంటుంది. సాగే గుణం లేని బట్టకు ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ఒకే పేజీలో నాలుగు రంగులు ఉన్నప్పుడు నాలుగింటికీ బట్ట ఒకటే కాకపోవచ్చు, కామెంట్లు మాత్రం అన్నీ కలిపి చూపిస్తారు. రాసినవాళ్లు కొన్న రంగు మనం చూస్తున్నదేనా అన్నది చూసుకోవాలి.

ఇక బూట్లు. పాత బూట్ల మీది నంబరు చూసి కొనడం కన్నా పాదాన్ని సెంటీమీటర్లలో కొలవడం నయం. సాయంత్రం కొలవాలి, రోజంతా నిలబడి తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. గోడకు ఆనించి నేల మీద కాగితం పెట్టి, బూట్లతో వేసుకునే మేజోళ్లతోనే నాయినను నిలబెట్టాను. మడమ గోడకు తగలాలి, బరువు ఆ కాలి మీదే ఉండాలి. పెన్సిలు నిటారుగా పట్టి అన్నిటికంటే ముందుకు వచ్చిన వేలి దగ్గర గీత గీశాను. బొటనవేలే పొడవని అనుకోకూడదు, కొందరికి రెండో వేలు ముందుంటుంది. ఎడమ పాదం 25.6, కుడిది 25.9. పెద్దదే లెక్క. వేళ్ల మొదట్లో అన్నిటికంటే వెడల్పైన చోట 10.4.

బూట్ల చార్టులోనూ రెండు రకాలున్నాయి. కొన్ని పాదం పొడవు ఇస్తాయి, పక్కన పాదం బొమ్మ ఉంటుంది. అట్లాంటి ఒక చార్టులో యూకే 7 పక్కన 25.5, యూకే 8 పక్కన 26.3 ఉంది. 25.9కి 8 తీసుకోవాలి. ఇంకో చార్టు "Insole Length" అని బూటు లోపలి అట్ట పొడవు ఇచ్చింది: 7కు 26.2, 8కు 27. దాన్ని పాదం పొడవు అనుకుంటే 25.9కి 7 సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ నడుస్తుంటే పాదం బూటులో ముందుకు జరుగుతుంది, వేళ్ల ముందు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూగా ఖాళీ ఉండాలి. 7 వేసుకుంటే ఉండేది 3 మిల్లీమీటర్లే, మండపం మెట్లు దిగేసరికి బొటనవేలి గోరు నొప్పి పెడుతుంది. లోపలి అట్ట చార్టుతో చూసినా 8 అనే వచ్చింది. కొందరు అమ్మకందార్లు బయటి అడుగు పొడవు ఇస్తారు, అది దేనికీ పనికిరాదు. ముందు భాగం కోసుగా ఉన్న బూట్లకు లోపలి అట్ట పొడవును కూడా నమ్మలేం, ఆ కొన దాకా వేళ్లు పోవు.

8 అంటే ఎక్కడి 8 అన్నది కూడా చూడాలి. మన దగ్గర చాలావరకు యూకే అంకెలే నడుస్తాయి. మగవాళ్ల యూకే 8 చాలా కంపెనీల్లో అమెరికా 9, యూరప్ 42 అవుతుంది. పెట్టె మీద మూడూ ఉంటాయి. యూకేలో ఒక సైజుకూ ఇంకో సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అమెరికా 8ని యూకే 8 అనుకుని కొంటే చిన్న బూటు చేతికొస్తుంది.

పొడవు తేలింది గానీ వెడల్పు తేలలేదు. ఏళ్ల తరబడి చెప్పులతో, ఒట్టి కాళ్లతో పొలంలో తిరిగిన పాదం ముందు భాగంలో విచ్చుకుని ఉంటుంది. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి వరకు లక్ష మందికి పైగా పాదాలను కొలిచి, మనవాళ్ల పాదాలు ఐరోపా వాళ్ల పాదాల కన్నా వెడల్పని తేల్చింది. బూట్ల చార్టుల్లో మాత్రం వెడల్పు గడి కనిపించడం అరుదు. నేను మొదట ఎంచిన బూటు కింద చాలామంది "ఒక సైజు పెద్దది తీసుకోండి" అని రాశారు. ఎందుకని చెప్పినవాళ్ల మాటలు వెతికితే, చిటికెన వేలు నొక్కుతుందన్నవే ఎక్కువ. వేలు కొనకు తగులుతుందని ఒక్కరూ అనలేదు. అంటే పొడవు సరిగ్గానే ఉంది, బూటు కుట్టిన అచ్చే సన్నం. అట్లాంటప్పుడు 9 తీసుకుంటే వెడల్పు పెరిగేది కొద్దిగానే, పొడవేమో 8.5 మిల్లీమీటర్లు పెరిగి మడమ లేస్తుంది. ఆ బూటు వదిలేసి, ముందు భాగం గుండ్రంగా ఉన్న డెర్బీ రకం 8 తీసుకున్నాను. డెర్బీలో లేసు పట్టీలు పైన విడిగా ఉంటాయి, లేసు వదులు చేస్తే పూర్తిగా విచ్చుకుంటాయి. ఆక్స్‌ఫర్డ్ రకంలో ఆ పట్టీలు కింద కలిపి కుట్టేసి ఉంటాయి, వదులు చేసినా అంతగా తెరుచుకోవు.

పార్సిల్ వచ్చాక అంగీ ట్యాగు తెంపకముందే పరిచి కొలిచాను. చంక నుంచి చంకకు 23, చార్టులో ఉన్నదే. అర అంగుళం అటూ ఇటూ వచ్చినా పర్వాలేదు, ఒక అంగుళం తేడా ఉంటే వేరే సైజుకు తప్పు ట్యాగు పడిందని అనుమానించాలి. బూట్లు సాయంత్రం, చాప మీదే వేయించాను, అడుగుకు మట్టి అంటితే వాపసు తీసుకోరు. బూట్ల పెట్టెకు నేరుగా టేపు అంటించకుండా అట్లాగే ఉంచాను, వాపసుకు ఆ పెట్టె కూడా అడుగుతారు. నాయిన చాప మీద పది అడుగులు వేసి, కూర్చుని లేచి, "పక్కలకు పడ్తలేదు, మడిమ కూడా లేస్తలేదు" అన్నాడు. అప్పుడు ట్యాగులు తెంపాను.