పలాసలో ఒక గోడ, ఒక ఆవిరి గొట్టం

విశాఖలో పొద్దున్నే రైలెక్కి, నౌపడా దగ్గర ఉప్పుమళ్లు చూసుకుంటూ పలాసలో దిగాను. మర్నాడు మేనకోడలి పెళ్లి. ఇల్లంతా జనం, కూర్చోడానికి చోటు లేదు. పెళ్లికొడుకు పెదనాన్నగారు నా అవస్థ చూసి, "ఇక్కడ ఏటి చేస్తారు మాస్టారూ, మా ఫ్యాక్టరీకి రండి" అని స్కూటర్ ఎక్కించుకున్నారు. కాశీబుగ్గలో ఆయన జీడిపప్పు చేయిస్తారు.

నేను డిగ్రీ పిల్లలకి అర్థశాస్త్రం చెబుతాను. ఫ్యాక్టరీ పెద్దదయ్యే కొద్దీ ఒక్కో వస్తువుకి సగటున ఎంత ఖర్చు పడుతుందో చూపించే దీర్ఘకాల సగటు వ్యయ రేఖ అని ఏటా బోర్డు మీద ఒక యూ గీస్తాను. ఎందుకు కిందికి దిగుతుందో, ఎందుకు పైకి లేస్తుందో పుస్తకంలో ఉన్నదే అప్పజెబుతాను. అంతకుమించి చూసింది లేదు.

షెడ్డులో ఎండిన పిక్కల్ని ఆవిరిలో ఉడికిస్తున్నారు. అవి చల్లారాక ఆడవాళ్లు కాలితో తొక్కే మిషన్ల మీద పిక్క పగలగొట్టి పప్పు తీస్తారు. తర్వాత బోర్మా అనే వేడిగాలి పొయ్యిలో ఆరబెట్టి, పొట్టు తీసి, విరగని గుండు, రెండుగా చీలిన బద్ద, ముక్క వేరుచేస్తారు. ఒలిచిన పెంకే బాయిలర్‌లో మంట.

"ఊరినిండా ఇన్ని చిన్న ఫ్యాక్టరీలెందుకు? ఒకటే పెద్దది పెడితే ఖర్చు తగ్గదా?" అన్నాను.

"తగ్గుద్ది. ఎంతవరకు అన్నదే లెక్క" అని అట్టముక్క తీసుకున్నారు. పిక్కల ధర వదిలేసి, బస్తాకి చేయించే ఖర్చు మాత్రం వేశాం. అంకెలు సౌకర్యం కోసం గుండ్రంగా పెట్టుకున్నవే.

రోజుకి పది బస్తాలు ఆడే ఫ్యాక్టరీలో బాయిలర్, బోర్మా, షెడ్డు వంతు బస్తాకి 300 రూపాయలు అనుకుందాం. ఇరవై బస్తాలకి సరిపడా కట్టుకుంటే 230, నలభైకి 170, ఎనభైకి 130. బాయిలర్ రెట్టింపు పెద్దదైతే దాని రేకు రెట్టింపు పట్టదు. లోపలి చోటు పెరిగినంతగా పైతలం పెరగదు కదా. సామర్థ్యం రెట్టింపైతే ఖర్చు సుమారు ఒకటిన్నర రెట్లేనని ఇంజనీర్లకి ఒక మోటు లెక్క ఉంది. మేం పట్టుకున్నది అదే.

పగలగొట్టే కూలి, పొట్టు కూలి కలిపి వెయ్యి. ఇది ఎంత పెద్దదైనా కదలదు. బస్తాలు ఎనిమిది రెట్లైతే మనుషులూ ఎనిమిది రెట్లే కావాలి.

మూడోది అజమాయిషీ, సరుకు తెచ్చే ఖర్చు. పది బస్తాలకి 50 చాలు, ఆయనే అందరి వెనకా తిరుగుతారు. ఇరవైకి 60. నలభైకి 100, మేస్త్రీ కావాలి. ఎనభైకి 220. మేస్త్రీల మీద మేనేజరు, పిక్కల కోసం దూరప్రాంతాలకి లారీలు. 2018లో తిత్లీ తుపానుకి ఉద్దానంలో జీడిచెట్లు పడిపోయాక ఆ బాధ ఇంకా పెరిగిందంటారాయన.

కూడితే వరసగా 1350, 1290, 1270, 1350. నా యూ అట్టముక్క మీద కనిపించింది. బాయిలర్‌లో మిగిలేది ప్రతి మెట్టుకీ తగ్గుతూ పోయింది: 70, 60, 40. అజమాయిషీకి పెరిగేది 10, 40, 120. మొదటిదాన్ని రెండోది దాటిన చోట రేఖ తిరిగింది. అడుగు మాత్రం నేను బోర్డు మీద గీసేంత కోసుగా లేదు, పళ్లెంలా ఉంది. ఇరవై బస్తాలవాడికీ నలభై బస్తాలవాడికీ తేడా 20 రూపాయలే. అందుకే చిన్నవాళ్లు బతుకుతున్నారు.

"మరి నలభై బస్తాల ఫ్యాక్టరీలో ఇరవయ్యే ఆడితే?" అని పిల్లల్ని అడిగినట్టే అడిగాను. "షెడ్డు అద్దె, బాయిలర్ వడ్డీ ఎక్కడికి పోతాయండీ, బస్తాకి 1290 ఎలా వస్తుంది!" అన్నారు. పిల్లలు తప్పేది ఇక్కడే. ఉన్న ఫ్యాక్టరీని నిండుగా ఆడించి ఖర్చు తగ్గించుకోవడం స్వల్పకాలపు సంగతి. దీర్ఘకాల రేఖ మీద ప్రతి బిందువూ, ఆ ఉత్పత్తికి తగినట్టు ఫ్యాక్టరీనే కొత్తగా కట్టుకుంటే ఎంతవుతుందన్న లెక్క.

ఫ్యాక్టరీ చేయి దాటిందని ఎలా తెలుస్తుందంటే, ఖాతా పుస్తకం కంటే ముందు గుండు చెబుతుందట. పిక్క సరిగ్గా ఉడక్కపోయినా, చల్లారకముందే పగలగొట్టినా పప్పు విరిగి బద్దలవుతుంది. బద్దకి గుండు ధర రాదు. ఆయన ఎదురుగా ఉంటే వెంటనే పట్టుకుంటారు. మూడు షెడ్ల అవతల జరిగితే సాయంత్రం గ్రేడింగ్ బల్ల మీద గానీ తెలియదు, ఈలోగా రోజంతా అలాగే ఆడేస్తారు. ఆ నష్టం మా అట్టముక్క లెక్కలో లేనేలేదు. వేస్తే 1350 ఇంకా పైకి పోయేది.

తిరిగి వస్తూ దారిలో వాళ్ల అన్నగారి ఫ్యాక్టరీ చూపించారు. ఒకప్పుడు ఎనభై బస్తాలు ఒకే చోట ఆడేవారట, గుండు పడిపోయి విసిగిపోయారట. ఇప్పుడు మధ్యలో గోడ, రెండు గేట్లు, కొడుకొకడు చెరో వైపు. గోడ మీదుగా చుట్టూ గోనె కట్టిన లావుపాటి గొట్టం ఒకటి అవతలికి పోతోంది. బాయిలర్ మాత్రం ఒక్కటే ఉంచుకున్నారు.