కంపెనీ టార్గెట్ 85 శాతం దగ్గర ఆగితే బోనస్ ఎంత రావాలి? నా అనుభవం

ఏప్రిల్, మే నెలల్లో పైడిభీమవరం ఫ్యాక్టరీ బస్సెక్కితే వినపడే మాట ఒకటే: "కంపెనీ 85 శాతం చేసిందట, అయితే మనకీ 85 శాతం బోనస్ వస్తాది గదేటి?" రాదు. మా స్కీమ్‌లో వచ్చేది 62.5 శాతం. కొన్ని చోట్ల 50 వస్తుంది, త్రెషోల్డ్, అంటే బోనస్ మొదలయ్యే కనీస శాతం, 90 పెట్టుకున్న చోట అసలు ఏమీ రాదు. (దసరా ముందు చట్టప్రకారం ఇచ్చే బోనస్ సంగతి వేరు, దాన్ని ఇందులో కలపకండి.)

నా లెటర్‌లో ఉన్న అంకెలు ఇవి. ఏడాది జీతం 6,00,000. వేరియబుల్ పే, అదే ఈ బోనస్, అందులో 10 శాతం, అంటే 60,000. కంపెనీ అమ్మకాల లక్ష్యం 200 కోట్లు. అందులో 80 శాతం, అంటే 160 కోట్లు చేరకపోతే సున్నా. సరిగ్గా 80 దగ్గర సగం బోనస్, 100 దగ్గర పూర్తి బోనస్, 120 దగ్గర ఒకటిన్నర రెట్లు. ఆపైన ఎంత అమ్మినా పెరగదు, అదే క్యాప్. ఆ ఏడాది లెక్కలోకి వచ్చిన అమ్మకాలు 170 కోట్లు.

ఇక్కడ చూడాల్సింది 80కీ 100కీ మధ్య దారి. 20 మెట్లలో బోనస్ 50 నుంచి 100కి ఎక్కాలి కాబట్టి మెట్టుకి 2.5 శాతం. 85 అంటే త్రెషోల్డ్ మీద ఐదు మెట్లు, అంటే 12.5. దానికి మొదటి 50 కలిపితే 62.5 శాతం, రూపాయల్లో 37,500. బస్సులో వేసుకునే 51,000 లెక్కకీ దీనికీ 13,500 తేడా. కంపెనీ 15 శాతం వెనకబడితే బోనస్ 37.5 శాతం తగ్గింది. త్రెషోల్డ్ ఉన్న స్కీమ్ నైజమే అది.

నాకు పడింది మాత్రం 30,000. పే స్లిప్‌లో ఒకే అంకె ఉంటుంది, ఎలా వచ్చిందో రాయరు. అందుకని ఆ అంకెను టార్గెట్ బోనస్‌తో భాగించి చూశాను: 30,000 బై 60,000, సరిగ్గా 50 శాతం. ఇలా గుండ్రంగా 50 వచ్చిందంటే 80 నుంచి 100 వరకూ మొత్తాన్నీ ఒకే స్లాబ్‌గా తీసుకున్నారని అర్థం. స్లాబ్ పద్ధతి తప్పేమీ కాదు, చాలా కంపెనీల్లో ఉంది. కానీ మా పాలసీలో "రెండు స్థాయిల మధ్య దామాషా ప్రకారం" అని స్పష్టంగా ఉంది. హెచ్ఆర్‌కి రాసిన మెయిల్‌లో ఆ వాక్యం, దాని కింద ఈ ఫార్ములా పెట్టాను. B2లో కంపెనీ సాధించిన శాతం ఉంటుంది:

```
=IF(B2<80%,0,IF(B2<100%,50%+(B2-80%)*2.5,MIN(150%,100%+(B2-100%)*2.5)))
```

వాళ్ల షీట్‌లో పాత ఏడాది స్లాబ్ టేబుల్ అలాగే ఉండిపోయింది. తేడా 7,500 తర్వాతి నెల జీతంలో అరియర్స్‌గా వేశారు. "బోనస్ తక్కువ పడింది సార్" అని మాత్రం రాస్తే "పాలసీ ప్రకారమే ఇచ్చాం" అన్న జవాబే వస్తుంది. వాక్యం, అంకె పక్కపక్కన పెడితేనే షీట్ తెరుస్తారు.

170 కోట్లు అన్న అంకెనూ అడిగి తెలుసుకోవాలి. బిల్లు చేసిందంతా లెక్కలోకి రాదు. జీఎస్టీ తీసేస్తారు, వాపసు వచ్చిన సరుకు తీసేస్తారు. మార్చి చివరి వారంలో గేటు దాటిన లోడు ఏప్రిల్‌లో తిరిగొస్తే దాన్ని ఏ ఏడాదికి రాస్తారన్నది పాలసీలో ఉండాలి. 85 దగ్గర ఒక కోటి తేడా వస్తే అర మెట్టు, నా లెక్కలో 750 రూపాయలే. అదే 80 అంచున ఉంటే ఆ కోటికే 30,000 పోవచ్చు. 79.6ని 80గా గుండ్రం చేస్తారా లేదా అన్నది ముందే రాసి ఉండకపోతే ఆ ఏడాది గొడవే.

మధ్యలో చేరినవాళ్ల షీట్‌లో ఇంకో పొరపాటు కనపడుతుంది. అదే జీతంతో అక్టోబర్ 1న చేరినవాళ్లకి 365 రోజుల్లో 182 రోజులు, అంటే 37,500లో సుమారు 18,699 రావాలి. ఆ ఏడాది నిజంగా అందుకున్న జీతం మీద 10 శాతం వేస్తే అప్పటికే సగమైపోతుంది. దాన్ని మళ్లీ రోజులతో తగ్గిస్తే పావు వంతే, తొమ్మిది వేల చిల్లర మిగులుతుంది. రెండు కోతల్లో ఒకటే ఉండాలి.

రాజీనామా ఆలోచన ఉన్నవాళ్లు "చెల్లింపు రోజుకి రోల్స్‌లో ఉండాలి" అన్న షరతు ఉందేమో చూసుకోండి. ఏడాది మార్చి 31తో ముగిసినా మా దగ్గర డబ్బు పడేది జూన్‌లో. కొన్ని చోట్ల నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్లనీ పక్కన పెడతారు, కాబట్టి లెటర్ ఇచ్చే తేదీ దాన్నిబట్టి పెట్టుకోవాలి.