జొటేరోలో ఒకే వ్యాసానికి మూడు రికార్డులు: శుభ్రం చేసుకున్న తీరు

నా థీసిస్ చివర వచ్చే రిఫరెన్సుల జాబితాలో డీఎన్ఏ నిర్మాణం మీద వాట్సన్, క్రిక్ రాసిన వ్యాసం 1953a అని ఒకసారి, 1953b అని ఇంకోసారి కనిపించింది. వ్యాసం ఒకటే. లోపలి పేజీల్లో ఒకచోట మాత్రం వాట్సన్ పేరు ముందు ఇనిషియల్స్ కూడా వచ్చాయి. చాలామంది దీన్ని సైటేషన్ స్టైల్ లోపం అనుకుంటారు. నిజానికి రిఫరెన్సులు దాచుకునే జొటేరో సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఒకే వ్యాసానికి వేర్వేరు రికార్డులు ఉన్నాయనడానికి ఇదే గుర్తు. ఒక రికార్డులో "J. D.", ఇంకోదానిలో "James" అని ఉంటే స్టైల్ వాళ్లను ఇద్దరు వేర్వేరు వాట్సన్లుగా లెక్కేస్తుంది.

వెతికితే మూడు రికార్డులు దొరికాయి. పత్రిక వెబ్‌పేజీ నుంచి చేరిన రికార్డులో రచయితల ఇంటిపేర్లన్నీ పెద్దక్షరాల్లో ఉన్నాయి. రెండోది PDF నుంచి వచ్చింది. మూడోది మిత్రుడు పంపిన `.bib` ఫైల్ లోంచి వచ్చింది. అందులో డీఓఐ లేదు, శీర్షికలో కోలన్ తర్వాతి భాగం లేదు, రకం Document అని ఉంది.

ఎడమవైపు ఉండే Duplicate Items లో మొదటి రెండే కనిపించాయి. జొటేరో ముఖ్యంగా శీర్షిక, డీఓఐ, ఐఎస్‌బీఎన్ పోల్చి, వాటితో పాటు ఏడాది, రచయితల పేర్లు చూస్తుంది. సగం శీర్షికతో, డీఓఐ లేకుండా ఉన్న మూడోది దానికి పట్టుబడదు. అందుకే నకళ్ల జోలికి వెళ్లేముందు వివరాలు సరిచేయడం మంచిదని నాకు అర్థమైంది. రికార్డులు శుభ్రమయ్యేకొద్దీ దాక్కున్న నకళ్లు వాటంతటవే బయటపడతాయి.

ముందు జొటేరో మూసేసి, `zotero.sqlite` ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని వేరేచోట కాపీ చేసుకున్నాను. తర్వాత మంత్రదండం బొమ్మ ఉన్న బటన్ నొక్కి `10.1038/171737a0` అనే డీఓఐ ఇచ్చి కొత్త రికార్డు తెప్పించాను. పత్రిక పేరు, 171వ సంపుటం, 737–738 పేజీలు సరిపోయాయి. పేర్లలోని పెద్దక్షరాలు చేత్తో మార్చాను. శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి Transform Text లో Sentence case ఎంచుకున్నాను. శీర్షికను ఇలా దాచుకుంటే, ప్రతి పదం పెద్దక్షరంతో మొదలవ్వాలనే స్టైళ్లకు జొటేరో తనే మార్చి ఇస్తుంది. తిరగేసి చేయడం దానికి కుదరదు. ఏది మనిషి పేరో, ఏది మామూలు మాటో దానికి తెలియదు కదా! అందుకే ఈ మార్పు చేశాక శీర్షికలోని ఊళ్ల పేర్లు, జీవుల పేర్లు ఒకసారి కళ్లతో చూసుకోవాల్సిందే.

మూడో రికార్డు రకాన్ని Journal Article గా మార్చాను. రకాలు వేరైతే జొటేరో కలపనివ్వదు. తర్వాత అన్నిటినీ ఎంచుకుని Merge Items నొక్కాను. పైన ఏ రికార్డు ప్రధానమో అడుగుతుంది. విలువలు వేరుగా ఉన్న గడుల పక్కన చిన్న బొమ్మ వస్తుంది, దాన్ని నొక్కి ఏది ఉంచాలో చెప్పవచ్చు. నోట్స్, PDFలు, ట్యాగులు, కలెక్షన్లు అన్నీ ప్రధాన రికార్డులోకి చేరతాయి.

ఎక్స్‌ట్రా రికార్డులను డిలీట్ చేస్తే సరిపోదా అని అడిగేవాళ్లకు నేను గట్టిగా వద్దంటాను. కలిపితే వర్డ్ ఫైల్లోని పాత సైటేషన్లు కొత్త రికార్డుకు అతుక్కునే ఉంటాయి, Refresh నొక్కగానే a, b పోతాయి. డిలీట్ చేస్తే ఆ సైటేషన్ మనం తర్వాత చేసే దిద్దుబాట్లు ఏవీ అందుకోదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. Duplicate Items లో ఒకదాన్ని నొక్కితే గుంపంతా ఎంపికవుతుంది. వరుస సంవత్సరాల వార్షిక నివేదికల్లాంటివి శీర్షిక, రచయిత ఒకటే కాబట్టి అందులో నకళ్లలా కనిపిస్తాయి. వాటిని కలపకూడదు. గుంపులో రెండే నిజమైన నకళ్లు అయితే My Library లోకి వెళ్లి ఆ రెండే ఎంచుకుని కలుపుతాను.

ట్యాగులు చివరికి ఉంచాను, ఎందుకంటే కలిపిన ప్రతిసారీ రెండు రికార్డుల ట్యాగులూ పోగవుతాయి. వెబ్‌పేజీల నుంచి వాటంతటవే వచ్చిన వాటిని ట్యాగుల పెట్టె మెనూలోని Delete Automatic Tags తో తీసేశాను, ఇకపై రాకుండా సెట్టింగ్స్‌లో టిక్ తీశాను. ఏకవచనం, బహువచనంగా రెండేసి ఉన్నవాటిలో ఒకదానికి రెండోదాని పేరే పెడితే రెండూ ఒకటైపోతాయి.

"సరిచూసింది" అనే ట్యాగుకు రంగు కేటాయించి 1 నంబరు ఇచ్చాను. రికార్డు చూడటం అయిపోగానే 1 నొక్కితే ట్యాగు పడుతుంది. ఆ ట్యాగు లేనివన్నీ చూపించే సేవ్డ్ సెర్చ్ ఒకటి పెట్టుకున్నాను. కొత్తగా దించిన ప్రతి వ్యాసం ముందు అందులోనే కనిపిస్తుంది, పేర్లు, శీర్షిక, డీఓఐ చూసి 1 నొక్కాకే దాన్ని థీసిస్‌లో ఉదహరిస్తున్నాను.